పాస్‌పోర్ట్, వీసా ఫోటో అప్‌లోడ్ చేసే ముందు చూసుకోవాల్సినవి

– ఫోటోలో టీషర్టు మీద ఎడిటింగ్ యాప్‌తో కోటు అతికించొద్దు. బట్టలే కదా, ముఖం మార్చలేదుగా అనుకుంటారు. కానీ యాప్ కాలర్‌ను కూర్చోబెట్టేటప్పుడు మెడ, గడ్డం అంచు, భుజం మీద పడే జుట్టు కూడా కొత్తగా గీసేయొచ్చు. మార్పు కనిపిస్తే ఫోటో తిరస్కరిస్తారు, మళ్లీ కొత్తది ఇవ్వాలి, ఈలోగా దరఖాస్తు ఆగుతుంది. అయినా కోటు ఎవరూ అడగలేదు.

– స్టూడియోలో తీయించుకుంటే ఫైల్‌ను పెద్దది చేసి మెడ దగ్గర చూడండి. అడగకపోయినా కోటు తొడిగేవాళ్లున్నారు. కాలర్ అంచు మసకగా ఉన్నా, జుట్టు భుజం దగ్గర కత్తిరించినట్టు ఆగిపోయినా, ముఖం మీద వెలుగు ఒకవైపు, కోటు మీద మరోవైపు ఉన్నా అది అతికించింది కావచ్చు. ఎడిట్ చేయని ఫైల్ అడిగి తీసుకోండి.

– తెల్లచొక్కా తెల్లగోడలో కలిసిపోతోందా? రంగు మార్చొద్దు, ముదురు చొక్కా వేసుకుని మళ్లీ తీయించుకోండి.

– కత్తిరించడం, కొలత తగ్గించడం, ఫైల్ సైజు కుదించడం ఫర్వాలేదు. ఇవి ముఖాన్ని మార్చవు. ఉదాహరణకు అమెరికా వీసాకు చతురస్రంగా, 600 నుంచి 1200 పిక్సెళ్ల మధ్య, 240 కేబీ లోపు ఉండాలి. పొడవు వెడల్పులు కలిపే తగ్గించండి, ఒకవైపే లాగితే ముఖం సాగుతుంది.

– ఫోన్ బ్యూటీ మోడ్ ఆపేయండి. మీరు ఎడిట్ చేయకపోయినా అది చేసేస్తుంది.