ఫొటోలు చూసి టైర్లు కొనేముందు

వానలు మొదలయ్యేలోపు టైర్లు మార్చాలని చాలామంది ఆన్‌లైన్‌లో వెతుకుతారు. అమ్మేవాళ్లు పంపిన ఫొటోల్లో టైరు నిగనిగలాడుతుంది. ఆ మెరుపును నమ్మొద్దు, అరిగిన టైరుకు నల్లటి పాలిష్ పూసినా అలాగే కనిపిస్తుంది.

ముందుగా టైరు పక్కగోడ మీద DOT అని మొదలయ్యే కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చూడండి, టైరు ఎప్పుడు తయారైందో అవి చెబుతాయి. 2224 అంటే 2024లో 22వ వారం. 5824 అని ఉంటే ఇక ఆలోచించక్కర్లేదు, ఏడాదికి 58 వారాలు ఉండవు. చాలా టైర్లకు పూర్తి కోడ్ ఒకవైపే ఉంటుంది, కాబట్టి రెండోవైపు తేదీ లేకపోతే కంగారు పడొద్దు.

అంకెల కంటే వాటి చుట్టూ ఉన్న రబ్బరే ఎక్కువ చెబుతుంది. తేదీ తరచూ మారుతుంది కాబట్టి అచ్చులో ఆ చోట చిన్న లోహపు ముక్కను మారుస్తుంటారు. అందుకే అసలు టైరు మీద ఆ నాలుగంకెల చుట్టూ సన్నటి గీత కనబడుతుంది. పాత తేదీని అరగదీసి కొత్తది కాల్చి ముద్రిస్తే ఆ గీత చెరిగిపోతుంది, రబ్బరు అక్కడ మాత్రమే నున్నగా ఉంటుంది, అంకెలు వంకరపోతాయి. ఎదురుగా ఫ్లాష్ కొట్టిన ఫొటోలో ఇది తెలియదు. టార్చి పక్కనుంచి వేసి తీయమనండి.

ఒకసారి నాకు వచ్చిన ఫొటోల్లో స్టిక్కర్ మీద 205/55 R16 94V అని ఉంది, పక్కగోడ మీద 91V. 91 అంటే ఒక్కో టైరు 615 కిలోలు మోయగలదు, 94 అంటే 670. స్టిక్కర్ ఎవరైనా అచ్చువేసి అంటించుకోవచ్చు, పక్కగోడ మాటే చెల్లుతుంది. అనుమానం వచ్చి నేలను తాకే ట్రెడ్ ఫొటో పెద్దది చేసి చూశాను. టైరు అంచున చిన్న త్రిభుజం ఉంటుంది, దానికి ఎదురుగా గాడి అడుగున 1.6 మిల్లీమీటర్ల ఎత్తు రబ్బరు దిమ్మ అడ్డంగా ఉండాలి. ఆ ఫొటోలో గాడి ఎక్కడా ఆగకుండా పోయింది. అంటే అరిగిన టైరుకు వేడి బ్లేడుతో గాళ్లు మళ్లీ కోశారన్నమాట. అడుగున మిగిలే రబ్బరు పలచన, వేగంలో టైరు పగిలే ప్రమాదం ఉంది. లారీ టైర్లలో కొన్నిటిని ఇలా కోయడానికే చేస్తారు, వాటి మీద REGROOVABLE అని రాసి ఉంటుంది. కారు టైరు విషయంలో మాత్రం ఆ సాకు చెల్లదు.

కొత్త టైరు మీద కనిపించే రబ్బరు వెంట్రుకలు ఉన్నాయా లేదా అన్నది పెద్దగా పట్టించుకోకండి. కొన్ని అచ్చుల నుంచి అవి అసలు రావు.

మంచి టైరు ఫొటో పంపి వేరే టైరు ఇచ్చే వాళ్లూ ఉన్నారు. అందుకే నాలుగు టైర్ల తేదీ కోడ్లూ స్టిక్కర్లూ ఒకే వీడియోలో, మధ్యలో ఆపకుండా చూపమనండి. టైర్లు చేతికి వచ్చాక, బిగించక ముందే, ఆ వీడియోతో అంకెకు అంకె పోల్చుకోండి.