వాంతులవుతున్నా ఇన్సులిన్ ఆపలేదు

టైప్ 1 మధుమేహం ఉన్న మా అమ్మాయికి జ్వరం, వాంతులు వచ్చి ఏమీ తినలేకపోయినా, రాత్రి వేసే లాంగ్ యాక్టింగ్ ఇన్సులిన్‌ను మేము యథావిధిగా వేశాము. ఎందుకంటే జ్వరంలో విడుదలయ్యే హార్మోన్లు తిండి లేకున్నా షుగర్‌ను పెంచుతాయి, ఇన్సులిన్ చాలకపోతే శరీరం కొవ్వును కరిగించి, ఎక్కువైతే రక్తాన్ని ఆమ్లంగా మార్చే కీటోన్లను తయారుచేస్తుంది. అప్పుడు షుగర్ 290, రక్తంలో కీటోన్లు 1.6 ఉన్నాయి. రోజుకు మొత్తం 40 యూనిట్లు వాడే ఆమెకు, డాక్టరు ముందే రాసిచ్చిన పద్ధతి ప్రకారం, అందులో పదో వంతు, అంటే 4 యూనిట్ల రాపిడ్ ఇన్సులిన్ అదనంగా వేసి, ఉప్పు కలిపిన నీళ్ళ మజ్జిగను చెంచాతో కొద్దికొద్దిగా తాగించాము. రెండు గంటలకొకసారి షుగర్, కీటోన్లు రెండూ చూశాము. కీటోన్లు తగ్గుముఖం పట్టాయి. షుగర్ 180 కంటే దిగాక, ఇన్సులిన్ కొనసాగించగలిగేందుకు గంజి, పంచదార నీళ్ళు మొదలుపెట్టాము. కీటోన్లు 3 చేరినా, గుక్కెడు నీళ్ళు కూడా కడుపులో నిలవకపోయినా, ఊపిరి వేగంగా, లోతుగా మారినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలని అదే కాగితంలో ఉంది. ఈ మోతాదు ఆమెకు రాసినది. మాత్రలు వాడేవారి లెక్క వేరు.