వడ్డీ లెక్కలు – 5వ పాఠం: ఫ్లాట్ వడ్డీ అసలు రేటు ఎంత?

గత పాఠం చివర ఇచ్చిన ప్రశ్నకు ఎక్కువమంది తప్పు జవాబు పంపారు కనుక, కొత్త విషయానికి వెళ్లకుండా ఈసారి దానినే విప్పి చూద్దాం. 1,20,000 రూపాయల అప్పును 24 నెలల్లో తీర్చాలి. 12 శాతం ఫ్లాట్ వడ్డీ మేలా, తగ్గే బాకీపై 18 శాతం మేలా అని అడిగాను. 12 శాతమే చవక అని మీరు రాశారు.

ఫ్లాట్ పద్ధతిలో మొత్తం అప్పుపై రెండేళ్లకు వడ్డీ 28,800 రూపాయలు. అసలుతో కలిపి 24తో భాగిస్తే వాయిదా 6,200 వస్తుంది. తగ్గే బాకీపై 18 శాతానికైతే వాయిదా సుమారు 5,991 మాత్రమే. అంటే పెద్దదిగా కనిపించే రేటు దగ్గరే నెలకు 209 రూపాయలు మిగులుతాయి.

పొరపాటుకు మూలం మనకు అలవాటైన “నూటికి రూపాయి వడ్డీ” అని మీ జవాబులు చూస్తే అర్థమవుతోంది. ప్రామిసరీ నోటు రాసి రూపాయి వడ్డీకి తెచ్చుకున్నప్పుడు, రెండేళ్ల తరువాత అసలు ఒకేసారి తీరుస్తాము కాబట్టి లక్షా ఇరవై వేలూ అన్నాళ్లూ మన చేతిలోనే ఉంటాయి. అక్కడ 12 శాతం నిజంగా 12 శాతమే. బండి అమ్మేచోట “రూపాయి వడ్డీయే కదండీ” అని వాయిదాల అప్పు ఇచ్చినప్పుడు మాత్రం ఆ మాట వాడడం సరికాదు, ఎందుకంటే అక్కడ ప్రతి నెలా అసలులో 5,000 వెనక్కి ఇచ్చేస్తూనే మొత్తం అసలు మీద 1,200 వడ్డీ కడుతుంటాము. పదమూడో వాయిదా నాటికి మన దగ్గర మిగిలింది 60,000; దానిపై 1,200 అంటే రెండు రూపాయల వడ్డీ. చివరి నెలలో కేవలం 5,000 బాకీకి అదే 1,200 కడతాము.

ఎక్సెల్‌లో ఇలా వేస్తే అసలు రేటు తెలుస్తుంది:

```
=RATE(24,-6200,120000)*12
```

జవాబు సుమారు 21.6 శాతం. వాయిదా ముందు మైనస్ గుర్తు మరిచిపోతే లెక్క రాదు. నేనైతే ఏడాది, రెండేళ్ల అప్పులకు ఫ్లాట్ రేటును 1.8తో గుణించి చూసుకుంటాను. అయిదేళ్ల అప్పుకు ఆ గుణకం 1.7 దగ్గరకు దిగుతుంది.

ప్రాసెసింగ్ ఫీజు ముందే కోసుకుంటే, సూత్రంలో అప్పు మొత్తానికి బదులు చేతికి వచ్చిన సొమ్ము వేయాలి.

అభ్యాసం: 90,000 రూపాయలు, 10 శాతం ఫ్లాట్, 36 నెలలు, ఫీజు 1,500. అసలు రేటు కనుక్కొని, చేతికి వచ్చిన సొమ్ముతో మొదలుపెట్టి 36 నెలల బాకీ పట్టిక మొత్తం వేయండి. చివరి వరుసలో బాకీ సున్నాకు రాకపోతే రేటు తప్పినట్టే.