రెజ్యూమేలో ‘కన్నడ – ఫ్లూయెంట్’ అని రాసే ముందు

బెంగళూరులో కస్టమర్ సపోర్ట్ ఉద్యోగాలకు అప్లై చేసే మనవాళ్లు చాలామంది ‘తెలుగు, కన్నడ, హిందీ – ఫ్లూయెంట్’ అని ఒకే లైన్లో కానిచ్చేస్తారు. మాట్లాడటం, చదవడం, రాయడం విడివిడిగా పెట్టండి.

మారతహళ్లిలో ఉంటూ ఇంటి ఓనరుతో, ఆటోవాళ్లతో కన్నడలో గలగలా మాట్లాడే అమ్మాయి ఉందనుకోండి. లిపి మనదానికి దగ్గరే కాబట్టి బస్సు బోర్డు కూడబలుక్కుని చదువుతుంది, టైపింగ్ మాత్రం రాదు. ఆమె రాయాల్సింది: ‘కన్నడ: మాట్లాడటం బాగా వచ్చు, చదవడం కొద్దిగా, రాయడం రాదు.’ కాల్స్ తీసుకునే వాయిస్ ప్రాసెస్‌కి సాధారణంగా ఇది సరిపోతుంది. చాట్, ఈమెయిల్ సపోర్ట్‌కి చాలదు. ఫిర్యాదుకు కన్నడలో జవాబు టైప్ చేయమని టెస్ట్ పెడితే అక్కడే దొరికిపోతారు.

భాష ఎంత వచ్చో ఎ1 నుంచి సి2 దాకా కొలిచే యూరోపియన్ స్కేలు ప్రకారం ఫారంలో బి1, బి2 అని లెవెల్ అడిగితే, రీఫండ్ ఎందుకు ఆగిందో కోపంగా ఉన్న కస్టమర్‌కు తడుముకోకుండా వివరించగలిగితేనే బి2 వేసుకోండి. పరీక్ష రాసి తెచ్చుకున్న లెవెల్ కాకపోతే పక్కన ‘సొంత అంచనా’ అని పెట్టండి.

అనువాదానికైతే ‘ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి’ అని ఎటు నుంచి ఎటో కూడా చెప్పాలి. ఇంగ్లిష్ మీడియంలో చదివి, వాట్సాప్‌లో తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టేవాళ్లు, మాతృభాషే అయినా సరే, ‘రాయడం’ దగ్గర కాస్త ఆలోచించాలి.