సీడ్ ఫండ్ దరఖాస్తు: ఇన్వెస్టర్ చివరిదాకా చదివే ఒక్క పేజీ రాయడం ఎలా?

కొత్త కంపెనీలకు తొలి దశలో డబ్బు సాయం చేసే స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ పథకం 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దీనికి కేంద్రం కేటాయించిన మొత్తం 945 కోట్ల రూపాయలు. ఈ డబ్బు ఢిల్లీ నుంచి నేరుగా మన ఖాతాలో పడదు. ముందు ఇంక్యుబేటర్లకు, అంటే కొత్త కంపెనీలకు చేయూతనిచ్చే సంస్థలకు వెళ్తుంది, కంపెనీలను ఎంచుకుని ఇచ్చేది వాళ్లు. ఆ ఎంపిక చేసే కమిటీలో ఇంక్యుబేటర్ మనిషి, రాష్ట్ర ప్రభుత్వ ప్రతినిధి, పరిశ్రమ నుంచీ కాలేజీల నుంచీ నిపుణులు, అనుభవమున్న వ్యాపారులతో పాటు వెంచర్ ఫండ్ లేదా ఏంజెల్ నెట్‌వర్క్ తరఫున ఒక ఇన్వెస్టర్ కూడా కూర్చుంటారు. మీరు రాసే ఒక్క పేజీ సారాంశం ముఖ్యంగా ఆ ఇన్వెస్టర్ కోసం. మిగతావాళ్లు ఓపిగ్గా చదవచ్చు. ఆయన ముందు మాత్రం అదే రోజు చూడాల్సిన ఫైళ్లు ఇంకా ఉంటాయి.

అర్హత సంగతి త్వరగా చూసేద్దాం. కంపెనీకి కేంద్ర పరిశ్రమల ప్రోత్సాహక విభాగం డీపీఐఐటీ గుర్తింపు ఉండాలి. దరఖాస్తు నాటికి నమోదై రెండేళ్లు దాటకూడదు. భారతీయ ప్రమోటర్ల వాటా కనీసం 51 శాతం ఉండాలి. ఇతర కేంద్ర, రాష్ట్ర పథకాల కింద 10 లక్షలకు మించి నగదు సాయం తీసుకుని ఉండకూడదు. దరఖాస్తు seedfund.startupindia.gov.in లో చేయాలి, రుసుము లేదు. ప్రాధాన్య క్రమంలో మూడు ఇంక్యుబేటర్ల దాకా ఎంచుకోవచ్చు. ఏ ఇంక్యుబేటర్ ప్రస్తుతం దరఖాస్తులు తీసుకుంటోందో పోర్టల్‌లో చూసుకున్నాకే పని మొదలుపెట్టండి.

ఫారంలో సమస్య, పరిష్కారం, బృందం, నిధుల వినియోగం గురించి విడివిడిగా అడుగుతారు. అవి నింపేముందే ఆ సారాంశాన్ని, అంటే ఎగ్జిక్యూటివ్ సమ్మరీని, ఒక్క పేజీలో రాసిపెట్టుకోండి. జతచేసే ప్రజెంటేషన్‌కు అదే ముందుమాట అవుతుంది, ఫారంలోని జవాబులన్నీ దానికి లోబడి ఉంటాయి. చాలామంది దీన్ని అన్నిటికన్నా చివర, రాత్రి పదకొండుకి, ఉన్న పేరాలను కత్తిరించి అతికించి తయారుచేస్తారు. చదువుతుంటేనే ఆ అతుకులు కనబడతాయి.

ముందు ఏ డబ్బో తేల్చుకోండి

ఈ పథకంలో డబ్బు రెండు రకాలు. ఆలోచన పనిచేస్తుందని నిరూపించడానికి, నమూనా తయారీకి, ప్రయోగాలకి 20 లక్షల దాకా గ్రాంటు ఇస్తారు. మార్కెట్లోకి వెళ్లడానికి, వ్యాపారం పెంచడానికి 50 లక్షల దాకా ఇస్తారు గానీ, అది తర్వాత కంపెనీ వాటాగా మార్చుకోగల కన్వర్టిబుల్ డిబెంచర్లుగానో అప్పుగానో వస్తుంది. సారాంశంలో ‘ఇంకా ప్రయోగ దశలో ఉన్నాం’ అని రాసి, కింద 35 లక్షలు అడిగితే ఇన్వెస్టర్ అక్కడే ఆగిపోతారు. ఆయనకు వచ్చే అనుమానం డబ్బు మీద కాదు, మీ మీద: తామెక్కడ ఉన్నారో వీళ్లకే తెలియదా అని.

ఒక ఉదాహరణ

భీమవరం పక్కన ఇద్దరు యువకులు రొయ్యల చెరువుల కోసం ఒక పరికరం తయారుచేశారనుకుందాం. నీటిలో ఆక్సిజన్ తగ్గితే అదే నీటికి గాలి అందించే ఏరేటర్లను ఆన్ చేసి, రైతుకు ఫోను చేస్తుంది. వాళ్ల మొదటి ప్రతి ఇలా మొదలైంది:

‘భారత ఆక్వా రంగం వేల కోట్ల రూపాయల మార్కెట్. ఈ రంగంలో ఆధునిక సాంకేతికతతో విప్లవాత్మక మార్పు తేవడమే మా లక్ష్యం. మార్కెట్లో ఒక్క శాతం పట్టుకున్నా...’

‘ఆక్వా’ తీసేసి ‘పాడి’ అని పెట్టండి, వాక్యం చెక్కుచెదరదు. ఎక్కడైనా అతికే వాక్యం సారాంశంలో ఉండనక్కర్లేదు. ఇక ఆ ఒక్క శాతం లెక్క చూడగానే ఇన్వెస్టర్ చదవడం ఆపేస్తారు, ఎందుకంటే ఆ శాతం ఎవరి గుమ్మం తట్టి తెస్తారో అందులో లేదు.

తిరగరాశాక మొదటి పేరా ఇలా వచ్చింది:

‘రాత్రంతా నాచు ఆక్సిజన్ పీల్చుకోవడం వల్ల తెల్లవారుజామున రొయ్యల చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది. లీటరుకు 3 మిల్లీగ్రాములకన్నా తగ్గితే పంట పోయే ప్రమాదం ఉంది. ఆ భయంతో రైతులు అవసరం ఉన్నా లేకపోయినా రాత్రంతా ఏరేటర్లు తిప్పుతున్నారు. మా పరికరం అవసరమైనప్పుడే వాటిని తిప్పుతుంది. ఒక పంట కాలంలో 14 చెరువుల్లో పెట్టాం, తొమ్మిది మంది రైతులు రెండో పంటకు డబ్బు కట్టి ఉంచుకున్నారు. 60 చెరువుల్లో ప్రయోగానికి 18 లక్షల గ్రాంటు కోరుతున్నాం.’

ఎవరి కష్టం, ఏమి చేశారు, ఎవరు డబ్బు కట్టారు, ఎంత కావాలి అన్న నాలుగూ ఈ పేరాలోనే తేలిపోయాయి. అడిగే మొత్తాన్ని సిగ్గుపడి చివరికి నెట్టేసేవాళ్లే ఎక్కువ. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు కట్నం సంగతి దాటవేసినట్టుంటుంది అది. ఇన్వెస్టర్ కన్ను ఎలాగూ ముందు ఆ అంకెనే వెతుకుతుంది. దొరికాక స్థిమితంగా మిగతాది చదువుతారు.

రెండో పేరాలో మార్కెట్‌ను కింది నుంచి లెక్కగట్టారు. తమ మెకానిక్ బైకు మీద అరగంటలో చేరగల రెండు మండలాల్లో ఎన్ని చెరువులున్నాయి, వాటిలో ఎన్నింటికి కరెంటు ఏరేటర్లున్నాయి అని ఊరూరా తిరిగి లెక్కపెట్టారు. అంకె చిన్నదే వచ్చింది, కానీ ఎవరైనా వెళ్లి సరిచూడగలిగినది.

మూడో పేరా నాకు బాగా నచ్చింది. మిగిలిన ఐదుగురు రైతులు పరికరం ఎందుకు తిప్పి పంపారో వాళ్లే రాశారు: సెన్సర్ మీద నాచు పేరుకుని తప్పు రీడింగులు ఇచ్చింది, కాబట్టి వారానికోసారి తుడవాలి. దీన్ని దాచుదామని ఒకరు పట్టుబట్టారట. దాస్తే కమిటీలోని ఆక్వా నిపుణుడు ముఖాముఖిలో మొదటి ప్రశ్నగా అడిగేది అదే. ముందే చెప్పడంతో, గ్రాంటులో కొంత ఎందుకు తుడుపు యంత్రాంగానికి వెళ్తోందో కూడా అర్థమైంది.

ఖర్చు నాలుగు వరుసల్లో సరిపోయింది: 60 పరికరాలు ఒక్కొక్కటి 12 వేల చొప్పున 7.2 లక్షలు, సెన్సర్ తుడుపు యంత్రాంగం 2.4 లక్షలు, ఇద్దరు ఫీల్డు సిబ్బందికి నెలకు 25 వేల చొప్పున తొమ్మిది నెలలకు 4.5 లక్షలు, విద్యుత్ భద్రత పరీక్షలు, ప్రయాణాలు కలిపి 3.9 లక్షలు. మొత్తం 18. కూడిక తప్పితే సారాంశం ఎంత బాగున్నా పక్కన పెట్టేస్తారు. ఈ నిధితో భవనాల వంటి సౌకర్యాలు కట్టుకోకూడదు, కాబట్టి ఆఫీసు మరమ్మతులు ఇందులో చేర్చవద్దు.

గ్రాంటు ఒకేసారి రాదు, మైలురాళ్ల ప్రకారం విడతలుగా వస్తుంది. ‘నాలుగో నెలకు 30 చెరువులు’ అని సారాంశంలో రాస్తే రెండో విడత అడిగేటప్పుడు ఆ 30 చూపించాలి. ఇన్వెస్టర్‌ను మెప్పించడానికి 50 అని రాసినవాళ్లు నాలుగో నెలలో సంజాయిషీ రాసుకుంటారు.

పంపేముందు పేజీని ఈ రంగంతో సంబంధం లేని మనిషికి ఇవ్వండి. నిమిషం తర్వాత కాగితం వెనక్కి తీసుకుని, ఎవరికి అమ్ముతున్నారు, ఇప్పటిదాకా ఎవరు డబ్బు కట్టారు, ఎంత అడుగుతున్నారు అని అడగండి. తడుముకున్న ప్రశ్నకు సంబంధించిన పేరానే తిరగరాయండి, మిగతావాటి జోలికి పోవద్దు. పోర్టల్ ఇంగ్లీషులో ఉంటుంది గనుక చివరికి ఇంగ్లీషులోకి మార్చాల్సిందే. అయినా మొదటి ప్రతి తెలుగులో, చెరువుగట్టు మీద రైతుకు చెప్పినట్టు రాసుకోండి. ఆ ప్రతిలో ‘విప్లవాత్మక’ అనే మాట మీ చేత రానే రాదు.