సైగ చేసే ముందు చూపు కోసం ఆగండి

మా పాపకు మూడేళ్లు, వినపడదు. పోయిన బతుకమ్మకు హన్మకొండలో పూలు పేరుస్తూ, తను తంగేడు పువ్వును చూస్తుండగానే నేను గబగబా 'పువ్వు', 'పసుపు' అని సైగలు చేశాను. ఒక్కటీ పట్టలేదు. నా సైగలే తప్పేమో అనుకున్నా. తప్పు సైగలో లేదు, టైములో ఉంది. వినే పిల్లలు పువ్వును చూస్తూనే అమ్మ మాట వింటారు. వినపడని పిల్లలకు రెండు పనులూ కళ్లే చేయాలి, కాబట్టి ఒకదాని తర్వాత ఒకటి.

ఇప్పుడు పువ్వును తనివితీరా చూడనిస్తా. తలెత్తి నా వైపు చూశాకే సైగ చేసి, మళ్లీ పువ్వు చూపిస్తా. ఎంతకీ చూడకపోతే భుజం మీద మెల్లగా తడతా. గడ్డం పట్టి తిప్పితే మాత్రం అలిగి కళ్లు మూసేసుకుంటుంది! తొందరలో ఉంటే పువ్వును నా మొహం దగ్గర పట్టుకుని పక్కనే సైగ చేస్తా, రెండూ ఒకే చూపులో పడతాయి. కిటికీకి వీపు పెట్టి కూర్చోకండి, వెనక వెలుతురుంటే మీ చేతులూ మొహమూ చీకటిగా కనిపిస్తాయి.

కొత్త సైగలకు యూట్యూబ్‌లో ISLRTC అని వెతకండి, ఆ ప్రభుత్వ సంస్థ పెట్టిన భారతీయ సైగల భాష నిఘంటువు వీడియోలు ఉచితంగా ఉన్నాయి.