మారకపు రేటు పాఠాలు – 4: రూపాయి గమ్యం దాటి ఎందుకు దూకుతుంది?

పోయిన భాగంలో ఒక లెక్క చూశాం: రెండు దేశాల వడ్డీల్లో తేడా ఎంతుంటే, ఆ ఏడాదిలో మారకపు రేటు అంత మేరకు కదులుతుందని జనం అనుకోవాలి, లేకపోతే డబ్బంతా ఒకవైపే పోతుంది. ఈసారి అదే లెక్కతో 1976లో రూడిగర్ డార్న్‌బుష్ చెప్పిన విషయం చూద్దాం. ఒక కాగితం, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి. ఒక్కటి మర్చిపోవద్దు, డాలర్‌కు రూపాయల అంకె పెరిగిందంటే రూపాయి పడిందని అర్థం.

అంకెలన్నీ లెక్క కోసం అనుకున్నవే. డాలర్ 80 రూపాయలు. అక్కడా ఇక్కడా వడ్డీ 6 శాతం. ఒకరోజు ఎవరూ ఊహించని విధంగా రిజర్వ్ బ్యాంకు చెలామణిలో డబ్బును 5 శాతం పెంచింది, మళ్ళీ వెనక్కి తీసుకోదు. చివరికి ధరలన్నీ 5 శాతం పెరుగుతాయి, డాలర్ కూడా 84కి చేరుతుంది. అదే గమ్యం.

కానీ ధరలు ఆ రోజే పెరగవు. నాంపల్లిలో ఇరానీ హోటల్ గోడమీద చాయ్, ఉస్మానియా బిస్కెట్ ధరల బోర్డు చూడండి, పాత అంకె మీద కొత్త స్టిక్కర్ అంటించే ముందు ఓనర్ పక్క హోటల్ ఏం చేస్తుందో నెలల తరబడి చూస్తాడు. అమీర్‌పేటలో ఇంటి అద్దె పదకొండు నెలల అగ్రిమెంట్ అయ్యేదాకా కదలదు, జీతం ఏడాదికోసారే పెరుగుతుంది. అసలు కథంతా ఈ ఆలస్యంలోనే ఉంది. ధరలు పాతవే, డబ్బు మాత్రం ఎక్కువ, ఆ మిగులు డబ్బు అప్పులుగా పోవాలంటే వడ్డీ తగ్గాలి. మొదటి ఏడాది 4 శాతం, ధరలు సగం దారి ఎక్కాక రెండో ఏడాది 5, ఆ తర్వాత మళ్ళీ 6 అనుకుందాం.

ఇప్పుడు డాలర్ నేరుగా 84కి వెళ్ళి ఆగిపోయిందనుకోండి. లక్ష రూపాయలు ఇక్కడ డిపాజిట్ చేస్తే ఏడాదికి 1,04,000. అదే లక్షతో డాలర్లు కొని అక్కడ 6 శాతానికి వేసి, తిరిగి 84 చొప్పున మార్చుకుంటే 1,06,000. ఇక రూపాయి ఎవరు పెట్టుకుంటారు? అందరూ డాలర్లు కొంటారు, రేటు 84 దాటిపోతుంది. రూపాయి మీద పోయే వడ్డీకి సరిపడా, రాబోయే రోజుల్లో రూపాయి బలపడి లాభం ఇస్తుందన్న ఆశ పుట్టేదాకా అది ఆగదు. బలపడాలంటే ముందు అవసరమైనదానికన్నా ఎక్కువ పడి ఉండాలి కదా!

ఎంత పడాలో వెనక నుంచి లెక్కేయాలి. చాలామంది ఈరోజు నుంచి ముందుకు లెక్కేస్తారు, అందుకే తికమక పడతారు.

```
రెండో ఏడాది మొదట్లో: 84    × 1.06 / 1.05 = 84.80
ఈరోజు:               84.80 × 1.06 / 1.04 = 86.43
```

అంటే 80 నుంచి ఒక్కరోజులో 86.43కి ఎగిరి, ఏడాదికి 84.80కి దిగి, రెండేళ్ళకు 84 దగ్గర కుదురుకుంటుంది. సరిచూసుకోండి: లక్షకు 1,157 డాలర్లు వస్తాయి, వడ్డీతో సుమారు 1,226.4, వాటిని 84.80తో గుణిస్తే 1,04,000. రెండు దారులూ సమానమయ్యాయి.

అమెరికాలో ఎంఎస్ చదివే పిల్లలకు ఫీజు కట్టే తల్లిదండ్రులు మన హైదరాబాద్‌లో చాలామంది ఉన్నారు. అలాంటి రోజు వాళ్ళకు టెన్షన్ రావడం సహజమే, కానీ ఆ ఎగిరిన అంకెలో ధరల వల్ల నిలిచిపోయేది 4 రూపాయలు, వడ్డీ తేడా వల్ల వచ్చి తర్వాత కరిగిపోయేది 2.43. ఈ రెండింటినీ విడదీయడమే ఈ పాఠంలో నేర్చుకోవాల్సిన పని.

అయితే ఈ లెక్కను మార్కెట్ మీద గుడ్డిగా రుద్దకండి. మార్పు ముందే తెలిసిపోతే ఎగరడం ప్రకటన రోజుకన్నా ముందే జరిగిపోతుంది. రిజర్వ్ బ్యాంకు తన నిల్వల నుంచి డాలర్లు అమ్మితే ఆ దూకుడు చాలావరకు కనపడదు. ఇంకా పెద్ద చిక్కు, ఐకెన్‌బామ్, ఎవాన్స్ 1995లో అమెరికా వడ్డీల మార్పులను పరిశీలిస్తే, డాలర్ ఒక్కరోజులో శిఖరానికి వెళ్ళలేదు, రెండు మూడేళ్ళ దాకా అదే దిశలో నెమ్మదిగా సాగి ఆ తర్వాతే వెనక్కి తిరిగింది. అందుకే వడ్డీ తగ్గిన కొన్ని నెలల తర్వాత కూడా కరెన్సీ ఇంకా పడుతూనే ఉంటే, డార్న్‌బుష్ చెప్పిన రూపం అక్కడ కనపడలేదని గుర్తించండి, అంకెలను లాగి లెక్కకు అతికించొద్దు.

అభ్యాసం: ధరలు ఏడాదిలోనే సర్దుకుని, రెండో ఏడాదికల్లా వడ్డీ 6కి వచ్చేస్తే ఈరోజు డాలర్ ఎంత ఉండాలి? మీకు 85.62 రావాలి. 84.80 వస్తే, మొదటి ఏడాది వడ్డీ 4 అన్నది వదిలేసి 5 వేసినట్టు. వచ్చే భాగంలో వడ్డీ పెరిగినా రూపాయి పడే సందర్భం చూద్దాం.